పరీక్ష హాల్లో స్లిప్పుతో దొరికాక డీన్‌గారికి క్షమాపణ ఉత్తరం ఎలా రాయాలి

ఇన్విజిలేటర్ స్లిప్పు పట్టుకుని, ఆన్సర్ బుక్‌లెట్ తీసేసుకుని, మిమ్మల్ని మాల్‌ప్రాక్టీస్ కింద బుక్ చేశారు. డీన్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది: ఫలానా తేదీలోగా రాతపూర్వకంగా వివరణ ఇవ్వండి, ఫలానా రోజు కమిటీ ముందు హాజరు కండి. ఆ రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని చాలామంది రాసే ఉత్తరం దాదాపు ఒకేలా ఉంటుంది. పేజీ నిండా దండాలు, ఇంటి కష్టాలు, 'ఈ ఒక్కసారికి క్షమించండి' అనే మాట నాలుగైదు సార్లు. ఇంతకీ హాల్లో ఏం జరిగిందో మాత్రం ఎక్కడా ఉండదు. కమిటీకి కావలసింది సరిగ్గా అదే.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఇలాంటి ఉత్తరాలు కమిటీ టేబుల్ మీద చదివినవాణ్ణి. అందుకే ఇక్కడ ఒకే ఒక్క రకం కేసు తీసుకుంటాను: సెమిస్టర్ పరీక్షలో స్లిప్పుతో దొరికిన బీటెక్ విద్యార్థిని. ఈ విధానం తప్పు నిజంగా చేసినవాళ్లకే పనికొస్తుంది. మీరు ఆ తప్పు చేయకపోతే, అంటే స్లిప్పు పక్కవాళ్లదై మీ బెంచీ కింద దొరికితే, క్షమాపణ రాయకండి. జరిగింది చెప్పి, చేతిరాత పోల్చి చూడమని అడుగుతూ సంజాయిషీ మాత్రమే ఇవ్వండి. గొడవ త్వరగా తేలిపోతుందని చేయని తప్పు ఒప్పుకుంటే, ఆ కాగితం మీ ఫైల్లో శాశ్వతంగా ఉండిపోతుంది.

రాసేముందు: మీ మీద ఉన్న అభియోగం ఏమిటో చూడండి

కాలేజీ రెగ్యులేషన్ పుస్తకం తీయండి. పరీక్షల్లో తప్పుడు ప్రవర్తనకు ఏ శిక్షో చెప్పే పట్టిక సాధారణంగా చివర్లో ఉంటుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో ఆ పట్టిక మొదటి రెండు అంశాల మధ్య ఉన్న తేడా మీకు చాలా ముఖ్యం. ఆ సబ్జెక్టుకు సంబంధించిన కాగితమో, సెల్‌ఫోనో దగ్గర ఉండి, దాన్ని వాడకపోతే మొదటి అంశం వర్తిస్తుంది. హాల్ నుంచి పంపేస్తారు, ఆ ఒక్క సబ్జెక్టు రద్దవుతుంది. దాన్ని చూసి కాపీ చేస్తే రెండో అంశం. ఆ సబ్జెక్టుతో పాటు ఆ సెమిస్టర్‌లో అప్పటికే రాసినవన్నీ, ప్రాక్టికల్స్, ప్రాజెక్టు వర్క్‌తో సహా రద్దవుతాయి, మిగతా పరీక్షలు రాయనివ్వరు. జేఎన్‌టీయూ పరిధిలోని చాలా అటానమస్ కాలేజీలు దాదాపు ఇదే పట్టికను పాటిస్తాయి. డీమ్డ్ యూనివర్సిటీలు, ఎన్ఐటీలు, ఐఐటీల నియమాలు వేరుగా ఉంటాయి కాబట్టి మీ పుస్తకమే చూడండి.

అంటే 'స్లిప్పు ఉంది' అన్న మాటకూ 'స్లిప్పు చూసి రాశాను' అన్న మాటకూ మధ్య మీ సెమిస్టర్ మొత్తం ఉంది. కంగారులో 'నేను కాపీ కొట్టాను, క్షమించండి' అని రాసేస్తే, చేయని రెండో తప్పు కూడా మీ చేత్తో మీరే ఒప్పుకున్నట్టవుతుంది. చూసి రాసి కూడా 'వాడలేదు' అని రాస్తే అంతకంటే ప్రమాదం. స్లిప్పు, ఆన్సర్ బుక్‌లెట్ రెండూ కమిటీ దగ్గరే ఉంటాయి. సబ్జెక్టు తెలిసినవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. స్లిప్పులో ఉన్న గుర్తులు, స్లిప్పులో ఉన్న వరుస, ఒక్కోసారి స్లిప్పులో దొర్లిన పొరపాటు కూడా జవాబులో అలాగే కనిపిస్తే ఇక మీరు ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

రెండో పని, హాల్లో మీ చేత రాయించుకున్న స్టేట్‌మెంట్ గుర్తు తెచ్చుకోండి. వీలైతే దాని కాపీ అడగండి. ఉత్తరంలో మాట దానికి విరుద్ధంగా ఉంటే కమిటీ మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. హాల్లో భయపడి 'ఆ స్లిప్పు నాది కాదు' అని రాసి ఉంటే, ఇప్పుడు ఆ సంగతి దాచకండి. 'హాల్లో ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో స్లిప్పు నాది కాదని రాశాను. అది నిజం కాదు. స్లిప్పు నాదే' అని మూడు వాక్యాల్లో మీరే సరిదిద్దండి. వాళ్లు పట్టుకునేలోపు మీరు చెప్పడం వేరు, పట్టుకున్నాక ఒప్పుకోవడం వేరు.

ముందు జరిగింది జరిగినట్టు రాసుకోండి

ఉత్తరం మొదలుపెట్టకుండా తెల్ల కాగితం మీద వరుసగా రాయండి. ఏ పరీక్ష, ఎన్ని గంటలకు, స్లిప్పు ఎక్కడ ఉంది, అందులో ఏముంది, ఎవరు రాశారు, ఎందుకు తీసుకెళ్లారు, దొరికే సమయానికి మీరు ఏ ప్రశ్న రాస్తున్నారు, దాన్ని ఒక్కసారైనా చూశారా.

మన ఉదాహరణలో అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. కంట్రోల్ సిస్టమ్స్ పరీక్ష, ఉదయం 10 గంటలకు మొదలైంది. కాలిక్యులేటర్ మూత లోపల చిన్న స్లిప్పు, అందులో తన చేతిరాతతో నాలుగు ఫార్ములాలు: పీక్ ఓవర్‌షూట్, సెటిలింగ్ టైమ్ లాంటివి. 10:50 ప్రాంతంలో ఇన్విజిలేటర్ కాలిక్యులేటర్ తీసి చూశారు. అప్పటికి ఆమె రాసింది మొదటి రెండు ప్రశ్నలు. ఆ ఫార్ములాలు కావలసింది నాలుగో ప్రశ్నకు. అది ఇంకా మొదలుపెట్టలేదు.

ఆమె మొదట రాసిన ఉత్తరం ఇలా ఉందనుకుందాం:

*పూజ్యులైన డీన్ సర్ గారికి మీ పాదాలకు నమస్కరించి రాయునది. నేను చాలా పేద కుటుంబం నుంచి వచ్చాను. మా నాన్నగారికి ఆరోగ్యం బాగాలేదు. ఆ టెన్షన్‌లో నాకు తెలియకుండా ఒక పొరపాటు జరిగిపోయింది. నా కాలిక్యులేటర్‌లో ఏదో పేపర్ ఉండిపోయిందని ఇన్విజిలేటర్ మేడమ్ అన్నారు. నేను ఎప్పుడూ ఇలాంటివి చేయలేదు, నాకు ఎప్పుడూ ఫస్ట్ క్లాసే. చాలామంది చేస్తున్నారు కానీ నన్ను మాత్రమే పట్టుకున్నారు. దయచేసి నా జీవితం నాశనం చేయకండి. మీరు దేవుడితో సమానం. ఈ ఒక్కసారికి క్షమిస్తే మీ మేలు జన్మలో మరచిపోను.*

ఇది రాసిన పిల్ల చెడ్డది కాదు, భయపడింది. కానీ చదివేవాళ్ల వైపు నుంచి చూడండి. 'తెలియకుండా జరిగిపోయింది' అంటోంది, స్లిప్పు మీద ఆమె చేతిరాతే ఉంది. 'ఏదో పేపర్ ఉండిపోయింది' అంటోంది, ఫార్ములాలు సరిగ్గా ఆ రోజు సబ్జెక్టువే. 'మేడమ్ అన్నారు' అనడంలో ఇన్విజిలేటర్ మాట మీద అనుమానం ధ్వనిస్తోంది. 'చాలామంది చేస్తున్నారు' అనగానే కమిటీలో ఎవరో ఒకరు 'ఎవరు? పేర్లు చెప్పు' అంటారు. 'నా జీవితం నాశనం చేయకండి' అన్న వాక్యంలో తప్పు డీన్‌ది అయిపోయింది. ఇన్ని దండాల మధ్య 'నేను చేశాను' అన్న రెండు మాటలే లేవు. ఎక్కువ వంగి రాసే ఉత్తరంలో వచ్చే చిక్కు ఇదే. వినయం పేరుతో బాధ్యత పక్కకు జారిపోతుంది.

ఇప్పుడు అసలు ఉత్తరం

ఒక్క ఏ4 పేజీ, ఒక వైపు చాలు. చాలా కాలేజీల్లో ఇంగ్లీషులోనే ఇవ్వాలంటారు. అప్పుడు ఇదే వరుసను, ఇదే తీరును మీకు వచ్చిన మామూలు ఇంగ్లీషులో రాయండి, పెద్ద పదాల కోసం వెతకొద్దు. అదే అమ్మాయి తిరిగి రాసిన ఉత్తరం ఇది:

*తేదీ: ...*

*గౌరవనీయులైన డీన్, అకడమిక్స్ గారికి,*

*విషయం: కంట్రోల్ సిస్టమ్స్ పరీక్షలో స్లిప్పు ఉంచుకున్నందుకు వివరణ, క్షమాపణ*

*సూచిక: మీ ఆఫీసు నోటీసు నంబరు ..., తేదీ ...*

*సర్,*

*నేను ఈసీఈ మూడో సంవత్సరం విద్యార్థినిని. హాల్ టికెట్ నంబరు ... . ఈ నెల ... తేదీ ఉదయం జరిగిన కంట్రోల్ సిస్టమ్స్ సెమిస్టర్ పరీక్షకు కాలిక్యులేటర్ మూత లోపల ఒక స్లిప్పు పెట్టుకుని వెళ్లాను. అందులో నాలుగు ఫార్ములాలు నేను రాసుకున్నవే ఉన్నాయి. గుర్తుకు రాకపోతే చూసి రాయాలనే ఉద్దేశంతోనే దాన్ని తీసుకెళ్లాను. సుమారు 10:50కి ఇన్విజిలేటర్ గారు దాన్ని గుర్తించి స్వాధీనం చేసుకున్నారు.*

*అప్పటికి నేను మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు రాశాను. ఆ ఫార్ములాలు అవసరమయ్యే నాలుగో ప్రశ్న మొదలుపెట్టలేదు. నా ఆన్సర్ బుక్‌లెట్‌తో పోల్చి చూడవలసిందిగా కోరుతున్నాను. వాడే లోపే దొరికింది కాబట్టి నేను చేసింది తప్పు కాదని నా ఉద్దేశం కాదు.*

*ఇది నా తప్పు. స్లిప్పు రాయాలని, హాల్లోకి తేవాలని నిర్ణయించుకున్నది నేనే. ఇందులో వేరెవరికీ సంబంధం లేదు. చదివి రాస్తున్న తోటి విద్యార్థుల మీద అన్యాయంగా పైచేయి సాధించాలని చూశాను. పరీక్ష మధ్యలో ఇన్విజిలేటర్ గారి పనికి, ఆ గదిలో రాస్తున్నవారికి ఇబ్బంది కలిగించాను. అందుకు మిమ్మల్నీ, ఇన్విజిలేటర్ గారినీ క్షమాపణ కోరుతున్నాను.*

*రెగ్యులేషన్స్ ప్రకారం కమిటీ తీసుకునే నిర్ణయానికి కట్టుబడి ఉంటాను. ఈ సబ్జెక్టు రద్దయితే సప్లిమెంటరీకి రిజిస్టర్ చేసుకుని తిరిగి రాస్తాను. ఇకపై ప్రతి పరీక్షకూ మూత లేని కాలిక్యులేటర్ తీసుకెళ్లి, లోపలికి వెళ్లేముందు ఇన్విజిలేటర్ గారికి చూపిస్తాను.*

*నిర్ణయం వెలువడేలోగా ... తేదీన ఉన్న తర్వాతి పరీక్షకు హాజరు కావచ్చో లేదో తెలియజేయవలసిందిగా విన్నపం.*

*ఇట్లు,*
*(సంతకం, పేరు, హాల్ టికెట్ నంబరు, ఫోన్ నంబరు)*

'చూసి రాయాలనే ఉద్దేశంతోనే తీసుకెళ్లాను' అన్న వాక్యం చాలామంది విద్యార్థులకు భయంగా ఉంటుంది. అది తీసేస్తే మంచిది కదా అంటారు. ఆ రోజు పరీక్షకు సంబంధించిన ఫార్ములాలు సొంత చేతిరాతతో కాలిక్యులేటర్ మూతలో దాచుకున్నాక ఇంకో ఉద్దేశం ఉందని ఎవరూ నమ్మరు. ఒప్పుకున్నందువల్ల కేసు మొదటి అంశం నుంచి రెండో అంశానికి మారదు, ఎందుకంటే అక్కడ చూసేది వాడారా లేదా అన్నదే. పైగా ఆ వాక్యం ఉన్నందువల్లే తర్వాత వచ్చే 'నాలుగో ప్రశ్న మొదలుపెట్టలేదు' అన్న మాటకు బలం వస్తుంది. తనకు నష్టం కలిగించే నిజం చెప్పిన మనిషిని, తనకు మేలు చేసే నిజం చెప్పినప్పుడు కూడా నమ్ముతారు.

ఆ మేలు చేసే నిజాన్ని కూడా వాదనలా కాకుండా, చూసి తేల్చుకోగలిగిన విషయంలా చెప్పింది చూశారా? 'నన్ను నమ్మండి' అనలేదు, 'బుక్‌లెట్‌తో పోల్చండి' అంది. ఆ మాట నిజమైతేనే రాయాలి. మీరు స్లిప్పు చూసి రాసి ఉంటే ఆ పేరా ఇలా మారుతుంది: 'మూడో ప్రశ్న బి భాగంలో పీక్ ఓవర్‌షూట్ ఫార్ములా స్లిప్పు చూసి రాశాను. మిగతా జవాబులకు స్లిప్పు వాడలేదు.' శిక్ష పెద్దదే పడొచ్చు. అయినా అబద్ధం ఆడి దొరికితే శిక్ష తగ్గదు, ఉన్న ఆ కాస్త నమ్మకం కూడా పోతుంది.

క్షమాపణ ఎన్నిసార్లు? ఒక్కసారి, దేనికో చెప్పి. 'క్షమించండి' అని ఊరికే అంటే దేనికి అన్నది తేలదు. తోటి విద్యార్థులకు జరిగిన అన్యాయం, గదిలో కలిగిన ఇబ్బంది అని విడిగా చెప్పినప్పుడు మీకు విషయం అర్థమైందని తెలుస్తుంది. ఇన్విజిలేటర్‌ను ప్రస్తావించడం చాలామంది మరచిపోతారు. ఆయనో ఆవిడో మీవల్ల రిపోర్టు రాసి, సంతకాలు పెట్టి, మిగతా హాలంతా చూసుకోవాల్సి వచ్చింది.

'ఇకపై ఎప్పుడూ చేయను' అన్న మాటకు విలువ తక్కువ, అందరూ రాస్తారు. మూత లేని కాలిక్యులేటర్ లాంటి చిన్న, చేసి చూపగలిగిన పని ఒకటి రాస్తే చాలు. సమాజ సేవ చేస్తాను, విలువల మీద సెమినార్ ఇస్తాను అని ఎవరూ అడగని శిక్షలు మీకు మీరే వేసుకోకండి.

ఇంటి కష్టాలు రాయాలా?

నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నది నిజమే అయినా, దానివల్ల మీరు చదవలేకపోయారు, అంతే. స్లిప్పు పెట్టుకోవడం వేరే నిర్ణయం. ఆ రెండూ ఒకే వాక్యంలో కలిస్తే సాకులా కనిపిస్తుంది. చెప్పక తప్పదనుకుంటే, డిశ్చార్జి సమ్మరీ లాంటి కాగితం మీ దగ్గర ఉంటే, బాధ్యత ఒప్పుకున్న పేరా తర్వాత ఒకే వాక్యం: 'ఆ వారం మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నారు, కాగితాలు జతపరిచాను. దీన్ని నా తప్పుకు సమర్థనగా చెప్పడం లేదు.' కాగితం లేకపోతే ఉత్తరంలో పెట్టకండి, కమిటీ అడిగితే చెప్పండి. పాత మార్కులు, ఫస్ట్ క్లాసులు అసలు వద్దు. ఆ మార్కుల మీదకే అనుమానం వెళ్తుంది.

'నాకు చావే గతి' లాంటి మాట ఎవరినో కదిలించడానికి ఉత్తరంలో రాయొద్దు. నిజంగా అలాంటి ఆలోచన వస్తుంటే ఉత్తరం సంగతి తర్వాత, ఈ రోజే రూమ్‌మేట్‌కో, ఇంట్లోనో, మీకు దగ్గరైన లెక్చరర్‌కో చెప్పండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు ఖర్చు కావు. పోయింది ఒక సబ్జెక్టో, ఒక సెమిస్టరో. మళ్లీ రాయొచ్చు.

ఎవరికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి

నోటీసులో ఎవరి పేరుతో అడిగారో వాళ్లకే. పేపరు దిద్దే వాళ్లెవరో కనుక్కుని వాళ్లకు ఉత్తరం రాయడం, మెసేజ్ పెట్టడం అస్సలు వద్దు. పాస్ మార్కులు వేయమని ఎగ్జామినర్‌కు రాయడాన్ని జేఎన్‌టీయూ పట్టిక విడిగా ఒక మాల్‌ప్రాక్టీస్‌గానే లెక్కిస్తుంది. ఉన్న కేసు మీద ఇంకో కేసు అవుతుంది. ఎమ్మెల్యే గారి పీఏ నుంచో, తెలిసిన పెద్దమనిషి నుంచో ఫోన్ చేయించడం కూడా మీ ఉత్తరానికే నష్టం. తప్పు నాదే, నిర్ణయానికి కట్టుబడతాను అని కాగితం మీద రాసి, ఫోన్లో ఇంకో దారి వెతికితే ఆ రెండిట్లో ఏది నిజమని డీన్‌కు అనిపిస్తుందో ఆలోచించండి. అమ్మానాన్నల్ని రమ్మంటే రావాలి, కానీ ఉత్తరం మీరే రాయాలి, సంతకం మీరే పెట్టాలి.

చేత్తో రాసినా టైపు చేసినా ఫర్వాలేదు, నోటీసులో ఎలా అడిగితే అలా. రెండు ప్రతులు తీయండి. ఒకటి డీన్ ఆఫీసు ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకుని దాచుకోండి. మెయిల్‌లో అడిగితే కాలేజీ మెయిల్ ఐడీ నుంచే పంపండి. డీన్‌గారి సొంత నంబరుకు వాట్సాప్ వద్దు. గడువు రేపు సాయంత్రమైతే ఈ రోజే రాసి, రాత్రి పక్కన పెట్టి, ఉదయం ఒకసారి గట్టిగా పైకి చదవండి. నోటితో చెప్పడానికి సిగ్గుగా అనిపించే పొగడ్త ఏదైనా ఉంటే కొట్టేయండి. నిజం కాని మాట దగ్గర గొంతు తడబడితే అదీ తీసేయండి.

కమిటీ ముందు ఉత్తరంలో ఉన్నదే చెప్పండి, అదనంగా ఏమీ కలపకండి. 'ఎందుకు చేశావు?' అని అడుగుతారు. 'ఆ యూనిట్ సరిగా చదవలేదు సర్, ఫార్ములాలు గుర్తుండవేమోనని పెట్టుకున్నాను' అంటే సరిపోతుంది. 'ఇంకెవరైనా ఉన్నారా?' అంటే, లేరు కాబట్టి లేరనే చెప్పండి. కళ్లలో నీళ్లు వస్తే రానివ్వండి, అందులో తప్పు లేదు. కాళ్ల మీద పడటానికి మాత్రం లేవకండి. అక్కడ కూర్చున్నవాళ్లకు అది ఇబ్బందే తప్ప దానితో నిర్ణయం మారదు.

ఆర్డర్ వచ్చాక దాన్ని పూర్తిగా చదవండి. మీరు 'ఉంచుకున్నాను, వాడలేదు' అని రాసినదాన్ని, బుక్‌లెట్ కూడా అదే చెబుతున్నప్పుడు, ఆర్డర్‌లో 'కాపీ చేసింది' అని రాసి ఉంటే, అప్పీలుకు గడువు ఎంతో, ఎవరికి చేయాలో రెగ్యులేషన్స్‌లో చూడండి. అప్పీలులో మళ్లీ క్షమాపణ చెప్పనక్కర్లేదు. ఆర్డర్‌లో ఏ వాక్యం వాస్తవానికి సరిపోవడం లేదో, బుక్‌లెట్‌లో ఏ పేజీ చూస్తే అది తేలుతుందో రాసి, ముద్ర వేయించుకున్న మీ మొదటి ఉత్తరం కాపీని జతచేయండి.